తెల్లబోయిన కిటికీ

ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. అందరికీ ఆమె కిటికీలక్కే. ఇంట్లో అత్తగారు కూడా ఎవరైనా ఫోన్ చేస్తే, "మా కోడలా? కిటికీలు తుడవడానికి వెళ్ళింది" అని చెప్పేది. అవతలివాళ్ళు నిజంగానే బకెట్టూ గుడ్డా అనుకునేవాళ్ళు. అత్తగారు దిద్దేది కాదు. ఆవిడకి అదో సరదా.

అమ్మకానికీ అద్దెకీ పెట్టే ఇళ్ళ ఫోటోలు సరిచేసి ఇచ్చే ఆఫీసది. మేడ మీద రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తలుపు తీసి వదిలేసే ఏసీ. యజమానిని అందరూ సారు అంటారు. ఫోటోలు తీసుకొచ్చే అతను భుజాన మూడు కాళ్ళ స్టాండు లేకుండా కనపడడు గనక అతను స్టాండు తమ్ముడు. పక్క కుర్చీలో కూర్చునే పెద్దాయన ఒకప్పుడు షాపులకి బోర్డులు రాసేవాడు. కుంచెలు పోయి ప్రింటు బోర్డులు వచ్చాక, అరవై దాటిన వయసులో మౌసు పట్టడం నేర్చుకున్నాడు. ఆయన బోర్డుల మామయ్య.

కిటికీలక్క ఈ పనిలోకి వచ్చి పన్నెండేళ్ళు. అంతకు ముందు స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోల వెనక నీలం రంగు నింపేది. ఇళ్ళ ఫోటోల్లో మిగతావన్నీ ఎవరైనా చేసేస్తారు. గోడ మీద మరక తుడవడం, వంకరగా ఉన్న గదిని నిటారుగా నిలబెట్టడం, మంచం కిందికి దూరిన చెప్పుల్ని మాయం చేయడం పెద్ద విద్యలేం కావు. ప్రాణం తీసేది కిటికీ ఒక్కటే.

మనిషి కంటికి గదిలో కూర్చుంటే గదీ కనపడుతుంది, కిటికీ బయట చెట్టూ కనపడుతుంది. కెమెరాకి ఆ ఓర్పు లేదు. గదికి సరిపడా వెలుతురు పట్టుకుంటే కిటికీ ఖాళీ కాగితంలా తెల్లగా అయిపోతుంది. కిటికీకి సరిపడా పట్టుకుంటే గది చీకటి కొట్టు. తెల్లగా అయిపోయిన కిటికీని ఆ ఆఫీసులో 'తెల్లబోయిన కిటికీ' అనేవాళ్ళు. ఆ మాట పుట్టించింది మామయ్యే. "ఏమ్మా, ఇవాళ ఎన్ని తెల్లబోయాయి?" అని అడిగేవాడు పొద్దున్నే.

దానికి మందు స్టాండు దగ్గరే ఉంది. స్టాండు కదపకుండా ఒకే చోటి నుంచి మూడు ఫోటోలు తీయాలి. ఒకటి గది కోసం, ఒకటి ఇంకా ఎక్కువ వెలుతురుతో మూలల కోసం, ఒకటి బాగా తక్కువ వెలుతురుతో కిటికీ కోసం. ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, చీకటి ఫోటోలోంచి కిటికీని మాత్రం పైకి తీసి, వెలుతురు ఫోటోలో కూర్చోబెట్టాలి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు తెలుస్తుంది. కిటికీ చెక్క అంచుల మీద బయటి వెలుగు కాస్త పొంగి ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిస్తే కత్తెర పెట్టి కత్తిరించినట్టు ఉంటుంది. పల్చటి తెర ఉన్నచోట బయటిది సగమే కనపడాలి. అన్నిటికంటే ముఖ్యం, బయట ఎప్పుడూ లోపలికంటే ఓ పిసరు ఎక్కువ వెలగాలి. "సమానం చేశారో, గోడకి కేలండరు తగిలించినట్టే" అనేది కిటికీలక్క. ఈ విషయంలో ఆమెకి కోపం కూడా వచ్చేది.

మూడు ఫోటోలూ వచ్చిన రోజు అంతా బాగానే ఉండేది. రాని రోజులుండేవి. ఇంటివాళ్ళు తొందరపెట్టారనో, బ్యాటరీ అయిపోయిందనో స్టాండు తమ్ముడు ఒక్క ఫోటోతో వచ్చేవాడు. అందులో కిటికీ తెల్లబోయి ఉండేది. తెల్లబోయినచోట ఏమీ ఉండదు, ఎంత లాగినా రాదు. అప్పుడు ఆమె, మామయ్యా తనూ కలిసి వాడుకునే 'బయట' అనే ఫోల్డరు తెరిచేది. చెట్లు ఒకటి నుంచి పద్దెనిమిది, మేడలు ఒకటి నుంచి తొమ్మిది, ఏర్లు రెండు, ఆకాశాలు లెక్కలేనన్ని. అందులోంచి ఒకటి తీసి కిటికీ వెనక పెట్టేది. దానికీ పద్ధతి ఉంది. గదిలో నీడలు ఎటు పడుతున్నాయో బయటి చెట్ల నీడలూ అటే పడాలి. దూరాన నేలా ఆకాశమూ కలిసే గీత కెమెరా ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా అంత ఎత్తులో రావాలి. రెండో అంతస్తు గదికి ఆరో అంతస్తు నుంచి తీసిన బొమ్మ పెట్టకూడదు. ఇవన్నీ ఆమెకి కొట్టినపిండి. పెట్టిన బొమ్మని ఏజెంట్లు కాదు గదా, తీసిన తమ్ముడే గుర్తుపట్టేవాడు కాదు. అబద్ధం కదా అని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదా అంటే, అనిపించేంత తీరిక దొరికేది కాదు. రోజుకి ముప్పై గదులు.

అయిదు నెలల కిందట ఒక ఫ్లాటు ఫోటోలు వచ్చాయి. నాలుగో అంతస్తు, లిఫ్టు లేని పాత బిల్డింగు. హాల్లో పెద్ద కిటికీ, నిలువు ఊచలు. చీకటి ఫోటో తెరవగానే కిటికీలక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. కింద ఏరు వంపు తిరిగి పోతోంది. వంపు దగ్గర ఇనుప వంతెన, ఇవతల ఇసుక తిన్నె, తిన్నె మీద ఒక పడవ బోర్లా పడుకుని ఉంది. ఒడ్డున తాడు మీద మూడు తెల్లటి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.

"మామయ్యా, ఇలా రండి" అని పిలిచింది.

మామయ్య కళ్ళజోడు పైకి తోసి చూసి, "ఇది నిజమేనా?" అన్నాడు.

"నిజమే. మూడూ తీశాడు."

"అబ్బో! ఇలాంటిది రోజూ చూస్తూ ఇల్లెందుకమ్ముతున్నారమ్మా, పిచ్చివాళ్ళు!"

ఆ కిటికీకి ఆమె గంటన్నర పెట్టింది. మామూలుగా పది నిమిషాల పని. ఊచ ఊచకీ అంచు సరిచూసింది. బాగా వచ్చింది. పంపేశాక, చీకటి ఫోటోని పారెయ్యబుద్ధి కాలేదు. ఊచలు తుడిచేసి, ఏరు మొత్తాన్ని శుభ్రం చేసి, 'బయట' ఫోల్డరులో 'ఏరు-3' అని పేరు పెట్టి దాచుకుంది. మంచి చీర కనిపిస్తే బీరువాలో పెట్టుకున్నట్టు, అంతే. అందులో తప్పేముందని అప్పుడు ఎవరడిగినా ఆమె నవ్వేసేది.

అయిదు నెలల తర్వాత ఒక పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. సారు ఇంకా రాలేదు, ఆమే తీసింది.

"ఇళ్ళ ఫోటోలు చేసేది మీరేనామ్మా? ఏజెంటు ఈ నంబరిచ్చాడు. నాలుగో అంతస్తు ఫ్లాటు, ఏరు కనపడుతుంది చూడండి, ఆ ఇంటి దాన్ని నేను. బట్టలు కుడతాను."

"ఆ, గుర్తుందండీ. చెప్పండి పిన్నిగారూ."

"మా ఏరు దొంగ ఏరట."

కిటికీలక్కకి అర్థం కాలేదు.

"ఫోటో చూసినవాళ్ళంతా అదే అంటున్నారమ్మా. ఒకాయనైతే మెట్ల దాకా వచ్చి, 'ఈ ఏరు ఊరంతా పారుతోంది, వేరే ఇంటి ఫోటోలో కూడా ఇదే చూశాం, మేమేం పిచ్చోళ్ళమా నాలుగంతస్తులు ఎక్కడానికి' అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను పైనుంచి కేకేస్తూనే ఉన్నాను. లిఫ్టు లేని ఇల్లు తల్లీ, ఆ ఏరు కాకపోతే దీన్ని చూసి ఎవరొస్తారు? మా ఆయనకి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. గదిలో కర్ర పట్టుకుని నడుస్తారు, మెట్లు మాత్రం దిగలేరు. ఆస్పత్రికి రెండుసార్లు కుర్చీలో మోయించాను. నేల మీద ఒక ఇల్లు చూసుకున్నాం. వాళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఈలోపు ఇది అమ్ముడుపోకపోతే అదీ పోతుంది. మీరేదో ఒకటి చెయ్యండి."

ఫోన్ పెట్టేశాక కిటికీలక్క పాత పనులన్నీ తెరిచి వెతికింది. ఏరు-3 ఏడు ఇళ్ళ కిటికీల్లో ఉంది. మూడు మామయ్య పెట్టినవి. నాలుగు ఆమె పెట్టినవి. ఏడింటిలోనూ వంతెన, ఏడింటిలోనూ బోర్లా పడ్డ పడవ, అవే మూడు దుప్పట్లు అయిదు నెలలుగా ఆరుతూనే ఉన్నాయి. ఆమె మొహం తెల్లబోయింది.

"మామయ్యా, చచ్చాం" అంది.

మామయ్య ఏడు ఫోటోలూ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. "మంచి బొమ్మ కదా అని పెట్టానమ్మా" అన్నాడు చివరికి. "నేనూ అదే" అంది ఆమె.

సారు వచ్చాక సంగతి చెప్పారు. సారుకి ఏ సమస్యనైనా నిమిషంలో తేల్చేస్తానని పేరు, ఆ పేరు ఆయన పెట్టుకున్నదే.

"దీనికింత ఏడుపెందుకు? ఆ ఫ్లాటు ఫోటోలో ఏరు తీసేసి ఇంకోటి పెట్టు. చెట్లు పెట్టు. ఎవరూ చూడని చెట్లు."

"సార్, అక్కడ నిజంగానే ఏరుంది."

"ఉండనీ. నిజమని నమ్మట్లేదు కదా. నమ్మేది పెట్టు."

కిటికీలక్క తన కుర్చీలోకి వచ్చి, సారు చెప్పినట్టే ఆ ఫోటో తెరిచింది. చెట్లు పన్నెండు తీసింది. ఊచల మధ్య ఏరుని చెరపడానికి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి ముందుకి పోలేదు. పన్నెండేళ్ళలో ఆమె వందల కిటికీల్లో లేనిది పెట్టింది, ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు. ఉన్నదాన్ని చెరిపి లేనిదాన్ని పెట్టమంటే మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేదు. సారు మీద కొంత, ఆ మెట్ల దగ్గర తిరిగిపోయినాయన మీద కొంత, ఎక్కువ తన మీదే.

ఫైలు మూసేసి లేచింది. "రేపు పొద్దున నేనూ తమ్ముడూ ఆ ఇంటికెళ్ళి కొత్తగా తీసుకొస్తాం సార్" అంది.

"నువ్వెళ్తావా? ఎందుకు?"

"తీయించాల్సింది నాకే తెలుసు కాబట్టి."

సారు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, సరే తగలడు అన్నట్టు చెయ్యి ఊపాడు.

తను సరిచేసిన ఇంట్లోకి కిటికీలక్క అడుగు పెట్టడం అదే మొదలు. మెట్లు నిటారుగా ఉన్నాయి. మూడో అంతస్తు దగ్గర ఆగి రొప్పుతుంటే స్టాండు తమ్ముడు, "అక్కా, కుర్చీలో పన్నెండేళ్ళు కూర్చుంటే ఇంతే మరి" అని ఏడిపించాడు. "నువ్వు ప్రతిచోటా మూడేసి తీసుంటే నేనివాళ ఈ మెట్లెక్కేదాన్నే కాదు, నోర్ముయ్యి" అంది. వాడు నోరు మూసుకున్నాడు.

హాలు ఫోటోలో కంటే చిన్నది. అది ఆమెకి తెలిసిన రహస్యమే, వెడల్పు లెన్సు మహిమ. కిటికీ పక్కన కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. కిటికీ ముందు చేతుల కుర్చీలో పిన్నిగారి భర్త. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన డ్రైవరు. ఎడమ చెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తుంది, అర్థమవుతుంది.

కిటికీలక్క నేరుగా ఊచల దగ్గరికెళ్ళి నిలబడింది. ఏరు ఉంది. వంతెన ఉంది. పడవ లేదు, ఎవరో నీళ్ళలోకి తోసుకుపోయారు. దుప్పట్లు లేవు. ఆమెకి ఎందుకో సిగ్గేసింది.

"ఏంటమ్మా, ఏరుని తనిఖీ చేస్తున్నావా?" అన్నాడు డ్రైవరు.

"చేయాల్సొచ్చింది బాబాయిగారూ."

పని మొదలుపెట్టారు. నిజాన్ని నిజంలా కనిపించేట్టు తీయడం ఎలాగో దారి పొడుగునా ఆలోచించుకునే వచ్చింది. "ఒకే చోటి నుంచి తీస్తే లాభం లేదు తమ్ముడూ. రెండు చోట్ల నుంచి తీద్దాం. ఇదిగో, ఇక్కణ్ణించి వంతెన మూడో ఊచ వెనక ఉందా? రెండడుగులు కుడికి జరిగి చూడు."

తమ్ముడు జరిగాడు. "వంతెన కూడా నాతో పాటు జరిగింది. అయిదో ఊచ దగ్గరికొచ్చింది."

"నిజంగా దూరాన ఉన్నది అలా నడుస్తుంది. అతికించేవాళ్ళు అదే బొమ్మని అదే చోట అతికిస్తారు. నేనూ అంతే చేశాను."

ఆ పైన పిన్నిగారిని ఒక ఎర్ర గుడ్డ అడిగింది. రెండు గజాల గుడ్డని ఊచల మధ్య నుంచి సగం బయటికి వదిలి, సగం లోపల పిన్నిగారి చేత కదలకుండా పట్టించింది. బయటి సగం గాలికి ఏటి మీద ఎగిరింది. గదీ ఏరూ ఒకే చోటివని ఆ గుడ్డే సాక్ష్యం. ప్రతిచోటా మూడు ఫోటోలు. మూడింటిలోనూ గుడ్డ మూడు రకాలుగా ఎగిరి ఉంటుంది, కలిపేటప్పుడు చీకటి ఫోటోలో ఉన్నదాన్నే ఉంచుకుని మిగతావి తుడిచేయాలని మనసులో రాసుకుంది. లేకపోతే గుడ్డ చుట్టూ దయ్యాల్లా ఇంకో రెండు గుడ్డలు మసకగా తేలతాయి.

"పెళ్ళిలో కూడా నన్నిన్ని ఫోటోలు తీయలేదు" అంది పిన్నిగారు గుడ్డ పట్టుకుని.

"అప్పుడు చేతిలో గుడ్డ లేదు కదే" అన్నాడు డ్రైవరు.

పని అయ్యాక పిన్నిగారు టీ పెట్టింది. ఆవిడ మనసు తేలికపడ్డట్టుంది, ఫోన్ తెచ్చి కొత్త ఇల్లు చూపించింది. "ఇదమ్మా మేం చూసుకున్నది. ఈయన్ని వదిలి నేను కదల్లేను, చెల్లెలి కొడుకొకడు వెళ్ళి గోడలూ పంపులూ చూసొచ్చాడు. కిటికీలూ అవీ వాడికేం తెలుసు. ఈ ఫోటో చూసే నేను ఖాయం చేశాను. నేల మీద ఇల్లు, ఒక్క మెట్టు లేదు. పైగా పడగ్గదిలోంచి ఏరు కూడా కనపడుతుంది. ఈయనకి ఏరు లేకపోతే తోచదు కదా, అందుకే ఏరి కోరి పట్టుకున్నాను."

ఫోటోలో ఎర్ర గచ్చు, మూల చెక్క అలమర, కిటికీ. కిటికీలో ఇనుప వంతెన. బోర్లా పడ్డ పడవ. ఎడమ చివర మూడు దుప్పట్లు.

కిటికీలక్క గ్లాసు కింద పెట్టింది. ఆ గది ఆమె చేసిందే. ఒక్కటే ఫోటో, తెల్లబోయిన కిటికీ, సాయంత్రం ఆరులోగా పంపమని ఏజెంటు తొందర. నేల మీద నుంచి చూస్తే నీళ్ళు సన్నటి గీతలా కనపడాలి గాని నాలుగో అంతస్తు నుంచి చూసినట్టు ఇంత వెడల్పుగా పరుచుకోవు. అది అప్పుడే తెలుసు. కింది అంచుని ఒక గట్టు బొమ్మ వెనక దాచేసి, ఎవరు పట్టుకుంటారులే అనుకుంది.

ఈ మాట ఇప్పుడు చెప్తే ఈ ముసలాళ్ళు చూసుకున్న ఒక్క ఇల్లూ చేజారుతుంది. చెప్పకపోతే సామానంతా దింపుకుని, మనిషిని కుర్చీలో మోయించుకుని వెళ్ళి, అక్కడ కిటికీ తెరుస్తారు. ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడూ గుర్తుపట్టాడు, తల దించుకుని కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం పిన్నిగారూ" అని వాణ్ణి గుమ్మం బయటికి లాక్కెళ్ళింది.

"ఆ కిటికీ బయట ఏముందిరా?"

"గోడ."

"ఎంత దూరం?"

"మూడడుగులు. పక్కింటి గోడ అక్కా. సున్నం కూడా లేదు. పైపులు దిగుతుంటాయి." వాడు ఇంకా గొంతు తగ్గించాడు. "చెప్పకక్కా. ఇల్లు మారాక వాళ్ళే సర్దుకుంటారు. మెట్లు లేవు, అది చాలదా?"

చాలుతుందేమో. ఆ మాటే పట్టుకుని మెట్లు దిగిపోవచ్చు. ఆమె కాసేపు అలాగే రెయిలింగు పట్టుకుని నిలబడింది. కిందికి చూస్తే నాలుగంతస్తుల మెట్లు మలుపులు తిరుగుతూ కనపడ్డాయి. తిరిగి లోపలికొచ్చింది.

"పిన్నిగారూ, ఆ ఇంట్లోంచి ఏరు కనపడదు. ఆ బొమ్మ నేను పెట్టింది. మీ కిటికీలోంచి తీసిందే అక్కడ అతికించాను. అక్కడున్నది గోడ."

పిన్నిగారు మొదట నవ్వబోయింది. తర్వాత ఫోన్లో ఫోటోనీ, కిటికీనీ మార్చి మార్చి చూసింది.

"మా ఏరా ఇది?"

"అవునండీ."

"మా ఏరు తీసుకెళ్ళి మాకే అమ్మారా!" ఆవిడ గొంతు పైకి లేచింది. "ఇక్కడేమో ఉన్న ఏరుని లేదనిపించారు, అక్కడేమో లేనిది ఉందనిపించారు! చదువుకున్నదానిలా ఉన్నావు, నీకేం పొయ్యేకాలమమ్మా! ఈ మనిషి ఏడాదిన్నరగా దాన్ని చూసే బతుకుతున్నాడు. గోడ చూపించి పొద్దుపుచ్చమనేదా?"

కిటికీలక్క లేచి నిలబడింది. "తప్పయింది" అంది. ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే తెలిసింది. పిన్నిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ మిషను ముందు కూలబడింది.

"గోడ ఎంత దూరంలో ఉంది?" అన్నాడు డ్రైవరు.

"మూడడుగులు సార్" అన్నాడు తమ్ముడు.

"ఆ మూడడుగుల్లో ఏముంది? సిమెంటు పోశారా?"

తమ్ముడు ఆలోచించాడు. "లేదు సార్, మట్టే. పిచ్చి మొక్కలున్నాయి."

"అక్కడికి వెళ్ళడానికి గుమ్మం ఉందా?"

"వంటింట్లోంచి ఉంది. గడప కూడా లేదు."

డ్రైవరు భార్య వైపు తిరిగాడు. మాట కూడదీసుకోవడానికి కొంచెం టైము పట్టింది. "ఒసేయ్. ముప్పై నాలుగేళ్ళు అద్దంలోంచి చూశాను. ఏడాదిన్నరగా ఈ ఊచల్లోంచి చూస్తున్నాను. రోజూ పొద్దున్నే నా కుర్చీని అటు తిప్పుతావు, ఏరు చూడండి ఏరు చూడండి అంటావు. నువ్వు ముచ్చటపడుతున్నావు కదా అని చూస్తున్నాను. నాకు చూసింది చాలే. నేల మీద కాలు పెట్టాలి."

పిన్నిగారు కొంగు వదిలేసి ఆయన వైపు తిరిగింది. "మరి ఒక్కరోజూ చెప్పలేదేం?" అంది. ఆయన కుడి భుజం ఎగరేశాడు.

"అయినా ఆ గోడని ఒకసారి చూడకుండా ఎలా వెళ్తాం" అని ఆవిడే మళ్ళీ కిటికీలక్క మీదికి తిరిగింది. "ఫోటో తీసి పంపించు. ఈసారి ఉన్నది ఉన్నట్టు."

ఫ్లాటు ఫోటోలు మర్నాడే ఏజెంటుకి వెళ్ళాయి. రెండు చోట్ల నుంచి తీసినవి, పక్కపక్కన. ఎర్ర గుడ్డ సగం గదిలో, సగం ఏటి మీద. దాంతో పాటు మిగతా ఏడిళ్ళ కిటికీల్లోంచి ఏరు-3 తీసేయాలని కిటికీలక్క పట్టుబట్టింది. సారు గోల చేశాడు. పన్నెండేళ్ళ మనిషిని పొమ్మనలేక, "నీ చావు నువ్వు చావు, ఆఫీసు పని మాత్రం ఆగకూడదు" అన్నాడు. మామయ్యా ఆమే పంచుకుని చేశారు. స్టాండు తమ్ముడు ఏడిళ్ళకీ మళ్ళీ తిరిగి, తిట్లు తిని, మూడేసి ఫోటోలు తెచ్చాడు. ఒక కిటికీలో చెత్తకుండీ వచ్చింది. ఒకదాంట్లో నిజంగానే మంచి చింతచెట్టు ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని కప్పెట్టి ఏరు పెట్టారు. మామయ్య దాన్ని చూసి తల కొట్టుకున్నాడు.

ఎనిమిదో రోజున ఎవరో భార్యాభర్తలు నాలుగంతస్తులూ ఎక్కారు. ఆయన మెట్లు లెక్కపెడుతూ వచ్చాడట. ఆవిడ ఇల్లు చూడకుండానే తిన్నగా కిటికీ దగ్గరికెళ్ళి, ఊచల మధ్య నుంచి చెయ్యి బయటికి చాపి, కాసేపు అలాగే ఉంచి, "ఉందండీ" అందిట. పన్నెండో రోజుకి మాట ఖాయమైంది.

గోడ ఫోటోలు కూడా వచ్చాయి, మూడూ. కిటికీలక్క వాటిని పొద్దున్నే తెరిచింది. చీకటి ఫోటోలో గోడ ఇటుక ఇటుకా కనపడింది. ఊడిపోయిన సున్నం, రెండు పైపులు, పైపు జాయింటు దగ్గర తడి మరక. కింద మూడడుగుల మట్టి, దాంట్లో ఏవో ఆకులు. మామూలుగా అయితే ఆ తడి మరకని చెయ్యి దానంతటదే తుడిచేసేది. ఆమె చేతిని వెనక్కి తీసుకుంది. కిటికీ అంచుల మీద బయటి వెలుగుని ఉన్నంత మేరకే పొంగనిచ్చింది. గోడని గదికంటే పిసరంత ఎక్కువ వెలిగించింది, ఎందుకంటే అక్కడ నిజంగానే అలా ఉంది. పది నిమిషాల పనికి మధ్యాహ్నం దాకా కూర్చుంది.

పంపించిన పావుగంటకి పిన్నిగారి ఫోన్ వచ్చింది. కోపం పూర్తిగా పోలేదు, గొంతులో ఉంది.

"ఇది ఆ ఇంటి గోడేనా? ఇంకెవరి గోడో తెచ్చి పెట్టావా?"

పన్నెండేళ్ళలో ఎవరూ ఆమెని ఆ మాట అడగలేదు. "ఆ ఇంటిదేనండీ. ఇందులో నేను పెట్టింది ఏమీ లేదు" అంది.

"ఎండ పడుతుందా అని అడుగుతున్నారు."

కిటికీలక్క ఫోటో పెద్దది చేసి చూసింది. "ఇది తొమ్మిదిన్నరకి తీసింది. అప్పటికి గోడ మీద సగం దాకా ఎండుంది, పైపు నీడ కూడా పడింది. ఇంటి నీడ కిందికి దిగుతూ ఉంటుంది, పది దాటితే మట్టి మీదకి రావచ్చు. నేను కళ్ళారా చూడలేదు పిన్నిగారూ, ఫోటోని బట్టి చెప్తున్నాను."

"ఫోటోని బట్టి! మళ్ళీ ఫోటోని నమ్మమంటావా, ఒకసారి నమ్మి..."

వెనక నుంచి ముద్దగా, గట్టిగా డ్రైవరు గొంతు వినపడింది.

"ఏరుని అతికిస్తారు గాని, గోడని ఎవరతికిస్తారే? సామాను సర్దు!"